ఫ్లాట్ నంబరు లేదు, ల్యాండ్‌మార్కు లేదు, ఫోను కలవదు: ఎవరిని ఏం అడగాలి?

ప్రశ్న: "కొరియర్ సంస్థ సపోర్టు విభాగంలో కొత్తగా చేరాను. 'చిరునామా అసంపూర్ణం, కస్టమర్ అందుబాటులో లేరు' అనే రిమార్కుతో వచ్చే టికెట్లన్నీ నాకే ఇస్తున్నారు. ల్యాండ్‌మార్కు ఉండదు, ఫ్లాట్ నంబరు ఉండదు, ఫోను కలవదు. అడగడానికి మనిషే దొరకనప్పుడు ఎవరిని, ఏం, ఏ వరుసలో అడగాలి? ఎప్పుడు వెనక్కి పంపేయాలి?"

జవాబు:

మీ మొదటి ప్రశ్న హబ్‌కు వెళ్లాలి. అది చిరునామా గురించి కానే కాదు: "ఈ పార్సిల్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, దీన్ని ఆపి ఉంచగలరా?" అన్నదే ఆ ప్రశ్న. ఇలాంటి రిమార్కు పడిన పార్సిల్ సాయంత్రానికి హబ్‌కు తిరిగి చేరుతుంది, మరునాడు ఏ మార్పూ లేకుండా అదే చిరునామాతో మళ్లీ బయలుదేరుతుంది, అలా అనుమతించిన ప్రయత్నాలు పూర్తికాగానే మనిషి ప్రమేయం లేకుండానే రిటర్న్ సంచిలోకి వెళ్లిపోతుంది. మీరు ఎంత చక్కగా విచారించినా, సమాధానం దొరికే సమయానికి పార్సిల్ తిరుగు లారీలో ఉంటే ప్రయోజనం లేదు. అందుకే ముందు హోల్డ్ పెట్టించి, ఎన్ని ప్రయత్నాలు మిగిలాయో, ఎప్పటివరకు ఆపగలరో రాసుకోండి. ఆ గడువే తర్వాతి ప్రశ్నలన్నిటికీ మీకున్న సమయం.

ఆ తర్వాత వరుస ఇది: మీ తెర, డెలివరీకి వెళ్లిన వ్యక్తి, పంపినవారు, చివరగా గ్రహీత. కొత్తవాళ్లు చాలామంది దీన్ని తలకిందులు చేసి, కలవని ఫోనుకే పదేపదే చేస్తూ కూర్చుంటారు.

తెర మీద చూడవలసింది ఒక్కటే. లేబుల్ మీద అచ్చయిన చిరునామా, పంపినవారి ఆర్డరులో ఉన్న చిరునామా ఒకటేనా? ఫ్లాట్ నంబరు లేదనుకున్న చిరునామాల్లో అది మొదటి నుంచీ లేనివి కొన్నే. దారిలో తెగిపోయినవే ఎక్కువగా నా చేతికి వచ్చాయి. కొన్ని పెద్ద అంతర్జాతీయ కొరియర్ వ్యవస్థల్లో చిరునామాలోని ఒక్కో వరుసకు 35 అక్షరాలే పడతాయి. కస్టమర్ పొడవుగా రాస్తే మిగిలింది రెండో వరుసలోకి వెళ్లాలి, కానీ పంపినవారి సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గా విడగొట్టకపోతే మిగిలిన భాగం ఎక్కడికీ చేరదు. కొన్ని లేబుల్ నమూనాలైతే మొదటి రెండు వరుసలనే అచ్చువేసి మూడోదాన్ని వదిలేస్తాయి. తెగిన చిరునామాను గుర్తుపట్టడం తేలిక. చివర కామా గానీ అడ్డగీత గానీ మిగిలి ఉంటుంది, లేదా ఆఖరి మాట సగంలో ఆగి ఉంటుంది, లేదా వరుసలోని అక్షరాలు లెక్కపెడితే సరిగ్గా పరిమితి దగ్గరే ముగుస్తాయి. ఈ మూడింటిలో ఏది కనిపించినా కస్టమర్ రాయలేదని నిర్ధారించకండి. సమాచారం ఉంది, మీ దాకా రాలేదంతే.

అదే గ్రహీతకు మీ సంస్థ గతంలో ఏదైనా అందించిందేమో కూడా చూడవచ్చు. పాత డెలివరీ నమోదయిన చోటు మంచి ఆధారమే, కానీ అది ఆధారం మాత్రమే. అద్దె ఇల్లు మారినవారు ఫోను నంబరు మార్చుకోరు కాబట్టి, పాత రికార్డును చూసి కొత్త పార్సిల్‌ను నేరుగా పాత తలుపుకు పంపకూడదు. ఎవరైనా అవునని చెప్పిన తర్వాతే దాన్ని వాడాలి.

ఇక డెలివరీకి వెళ్లిన వ్యక్తి. "అడ్రస్ దొరికిందా?" అని అడిగితే "లేదు సార్" అన్న జవాబు తప్ప ఏమీ రాదు, ఎందుకంటే అదే మాట రిమార్కులో ఆయన ముందే రాశాడు. "ఎక్కడి దాకా వెళ్లారు? అక్కడ ఆగి చూస్తే ఏం కనిపించింది?" అని అడగండి. వీధి దొరికిందా, భవనం దొరికిందా, భవనం దొరికి తలుపు దొరకలేదా అన్నది ఈ ఒక్క ప్రశ్నతో తేలుతుంది. ఈ మూడూ వేర్వేరు సమస్యలు. వీధి దొరకకపోతే పిన్‌కోడ్ తప్పయి ఉండవచ్చు. భవనం దొరకకపోతే ల్యాండ్‌మార్కు కావాలి. తలుపు దొరకకపోతే ల్యాండ్‌మార్కుతో పనే లేదు, బ్లాకూ అంతస్తూ కావాలి. ఏది లోపించిందో తెలియకుండా కస్టమర్‌కు "పూర్తి చిరునామా పంపండి" అని సందేశం పెడితే, ఆయన అప్పటికే రాసిన అదే చిరునామాను తిరిగి పంపుతాడు. ఆయన దృష్టిలో అది పూర్తిగానే ఉంది.

తర్వాత అడగవలసినవి కూడా కంటికి కనిపించే వాటి గురించే ఉండాలి. ఆ పేరుతో ఎన్ని భవనాలు ఉన్నాయి? గేటు ఒకటేనా? లోపల పేర్ల పలక గానీ ఉత్తరాల పెట్టెలు గానీ ఉన్నాయా? కాపలాదారు ఉన్నాడా, ఉంటే గ్రహీత పేరు చెప్పి అడిగారా? ఈ చివరిదానిలో కాస్త జాగ్రత్త అవసరం. పేరు చెప్పి ఏ ఇల్లని అడగవచ్చు, కానీ పార్సిల్‌లో ఏముందో, ఎంత విలువైనదో, కస్టమర్ ఫోను నంబరేమిటో గేటు దగ్గర బయటపెట్టకూడదు. కాపలాదారుకు ఇంటి యజమానుల పేర్లు తెలుస్తాయి, అద్దెకున్నవారి పేర్లు తరచుగా తెలియవు. అందువల్ల "అలాంటివారు ఇక్కడ లేరు" అన్న మాటను గ్రహీత లేడనడానికి రుజువుగా తీసుకోకండి.

అసలు వెళ్లకుండానే రిమార్కు పెట్టడం కూడా జరుగుతుంది. దీన్ని నిలదీసి తెలుసుకోలేరు, రికార్డు చూసి తెలుసుకోవాలి. రిమార్కు నమోదయిన సమయంలో పరికరం ఎక్కడుందో, అదే నిమిషంలో ఇంకెన్ని పార్సిళ్లకు అదే రిమార్కు పడిందో, కాల్ చిట్టాలో ఆ నంబరుకు చేసిన ప్రయత్నం ఉందో లేదో చూడండి. వరుసగా ఐదారు పార్సిళ్లకు ఒకే నిమిషంలో "చిరునామా అసంపూర్ణం" అని పడి, పరికరం హబ్‌లోనే ఉంటే, మీ దగ్గరున్నది చిరునామా సమస్య కాదు. దాన్ని హబ్ పర్యవేక్షకుడికి అప్పగించండి, కస్టమర్‌ను ప్రశ్నలతో ఇబ్బంది పెట్టకండి. అయితే ఎత్తైన భవనాల మధ్య పరికరం చూపే చోటు పక్క వీధికి జరగవచ్చు కాబట్టి, కొద్ది దూరం తేడా ఉన్నంత మాత్రాన ఎవరి మీదా నింద వేయకూడదు.

"ఫోను కలవలేదు" అన్న మాటనూ అలాగే విప్పాలి. "చేసినప్పుడు మీకు ఏం వినిపించింది?" అని అడగండి. చివరిదాకా మోగి ఆగిపోయిందంటే నంబరు పనిచేస్తోంది, మనిషే ఎత్తలేదు. స్విచ్చాఫ్ అయినా, కవరేజీ లేదన్నా కొన్ని గంటల తర్వాత మళ్లీ ప్రయత్నించవచ్చు. ఆ నంబరు వాడుకలో లేదని వస్తే ఎన్నిసార్లు చేసినా అంతే, మరో నంబరు కావాలి. ఎవరో ఎత్తి "రాంగ్ నంబర్" అన్నారంటే అంకె తప్పు పడింది. అప్పుడు మీరే అంకెలు అటూ ఇటూ మార్చి ఊహతో అపరిచితులకు ఫోన్లు చేయకండి, పంపినవారి దగ్గర సరిచూసుకోండి. ఒక్కసారి మోగి వెంటనే తెగిపోతుంటే మాత్రం ఆసక్తికరమైన విషయం. డెలివరీ సిబ్బంది తరచుగా కస్టమర్ అసలు నంబరు చూడకుండా, మధ్యలో ఉండే వ్యవస్థ ద్వారా ఫోను చేస్తారు. కస్టమర్‌కు కనిపించేది ఏదో తెలియని నంబరు. ఆయన ఫోను దాన్ని ప్రకటనల కాల్‌గా భావించి ఆపేస్తూ ఉండవచ్చు. మీ డెస్కు లైను నుంచి ఒకసారి చేసి చూడండి. డెస్కు నుంచి మోగి, డెలివరీ లైను నుంచి తెగిపోతుంటే కారణం అదేనని దాదాపుగా ఖాయం.

ఇక్కడ సందేశం పంపడం గురించి ఒక మాట చెప్పాలి. "మీ చిరునామా అసంపూర్ణంగా ఉంది, ఈ లింకు నొక్కి సరిచేయండి" అన్న వాక్యం మోసగాళ్లు అన్ని దేశాల్లోనూ వాడి వాడి అరగదీసిన వాక్యం. మీరు నిజాయితీగా అదే పంపితే, జాగ్రత్తగల కస్టమర్ దాన్ని తుడిచేస్తాడు, అలా తుడిచేయడమే సరైన పని కూడా. అందుకే మీ సందేశంలో లింకు పెట్టకండి, డబ్బు ప్రస్తావన అసలే వద్దు. ఎవరు పంపిన పార్సిలో, ట్రాకింగ్ నంబరులో చివరి నాలుగు అంకెలేమిటో చెప్పి, "మీరు ఆర్డరు చేసిన చోటే మీ ఆర్డరు పేజీ తెరిచి, అక్కడి నుంచి మమ్మల్ని సంప్రదించండి" అని రాయండి. ఇంకా మంచి పద్ధతి, ఆ సందేశాన్ని పంపినవారి చేతే పంపించడం. తాను కొన్న దుకాణం నుంచి వచ్చిన మాటను కస్టమర్ నమ్ముతాడు, పేరు తెలియని కొరియర్ నంబరును నమ్మడు.

పంపినవారిని అడిగేటప్పుడు వారు వ్యాపార సంస్థా, వ్యక్తా అన్నదాన్ని బట్టి ప్రశ్నలు మారతాయి. సంస్థ అయితే ఒకే వినతి: "కస్టమర్ టైపు చేసిన చిరునామాను ఉన్నది ఉన్నట్టు, అన్ని వరుసలతో, డెలివరీ సూచనల పెట్టెతో సహా పంపండి." డెలివరీ సూచనల పెట్టెను ప్రత్యేకంగా అడగాలి. ఫ్లాట్ నంబరు రాయడానికి చోటు సరిపోనివారు దాన్ని అక్కడే రాస్తారు, ఆ పెట్టెలోని మాటలు చాలాసార్లు లేబుల్ దాకా రావు. రెండో ప్రశ్న: "ఇది బహుమతిగా పంపిన ఆర్డరా?" బహుమతి అయితే లేబుల్ మీద ఉన్న నంబరు కొన్నవారిది అయి ఉండవచ్చు, అందుకోవలసినవారికి పార్సిల్ వస్తోందన్న సంగతే తెలియకపోవచ్చు. అప్పుడు కాపలాదారుకూ తెలియదు, తలుపు తీసినవారికీ తెలియదు. మూడోది: ప్రత్యామ్నాయ నంబరో ఈమెయిలో ఉంటే, దాన్ని మీకు ఇవ్వమని పట్టుబట్టకుండా, వారినే ఆ దారిలో కస్టమర్‌ను అడగమనండి. ఆ వివరాలను మీకు ఇచ్చే అధికారం వారికి ఉండకపోవచ్చు, మీకు కావలసిందీ నంబరు కాదు, తలుపు.

పంపినది ఒక వ్యక్తి అయితే ఇంకా మేలు, ఆయన ఆ ఇంటికి వెళ్లి ఉండవచ్చు. "మీరు చివరిసారి అక్కడికి వెళ్లినప్పుడు ప్రధాన రోడ్డు దిగాక ఏం చూశారు, ఎన్ని మెట్లెక్కారు?" అని అడిగితే, లేబుల్ మీద ఎన్నడూ రాయని విషయాలు చెబుతారు.

గ్రహీత ఎలాగో లైనులోకి వచ్చాడనుకుందాం. తొందరపడి "మీది ఫలానా వీధిలో ఫలానా భవనమే కదండీ?" అని చదివి వినిపించకండి. దీనికి రెండు కారణాలు. ఒకటి, అవతల ఉన్నది నిజంగా గ్రహీతేనని మీకింకా తెలియదు, మీరు చదివిన చిరునామా ఎవరి చెవిన పడుతోందో తెలియదు. పేరు, ఎక్కడి నుంచి రావలసిన పార్సిలో, చిరునామాలో ఉన్నంత భాగం, ఇవన్నీ ఆయన నోటి నుంచే రావాలి, మీరు తెరతో పోల్చుకోవాలి. రెండు, "అవునా?" అని ముగిసే ప్రశ్నకు మర్యాద కోసం కూడా అవునంటారు. "బ్యాంకు పక్కనేనా?" అంటే "ఆ, అక్కడే" అంటారు, ఆ వీధిలో మూడు బ్యాంకులు ఉండవచ్చు.

దారి అడిగేటప్పుడు, మీ డెలివరీ వ్యక్తికి కచ్చితంగా తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టి తలుపు దాకా నడిపించండి. "మా మనిషి మీ వీధి మొదట్లో నిలబడి ఉన్నాడనుకోండి. అక్కడి నుంచి మీ గేటు దాకా వచ్చేలోపు ఆయనకు ఏమేం కనిపిస్తాయి?" అన్నది నాకు బాగా పనిచేసే ప్రశ్న. ఎడమ, కుడి అన్న మాట వచ్చిన ప్రతిసారీ "ఎటు నుంచి వస్తే?" అని అడగండి. ల్యాండ్‌మార్కు చెప్పినప్పుడు దాన్ని మూడు రకాలుగా పరీక్షించాలి. అది రోడ్డు మీద నుంచి కనిపిస్తుందా? ఆ చుట్టుపక్కల అలాంటిది అదొక్కటేనా? డెలివరీ సమయంలో అది అదే రూపంలో ఉంటుందా? రాత్రి మాత్రమే తెరిచే బండి, ఎప్పుడో మూసేసినా అందరి నోట్లో పేరు మిగిలిన దుకాణం, ఇవి ఊరివారికి గుర్తులే గానీ కొత్తవాడికి కావు. నీలిరంగు గేటు, మెట్ల కింద నీళ్ల మోటారు, రెండో అంతస్తు బాల్కనీకి వేలాడే తీగ మొక్క, ఇలాంటివి చిన్నవే అయినా కళ్లకు దొరుకుతాయి.

"లొకేషన్ పంపితే సరిపోతుంది కదా" అని చాలామంది అడుగుతారు. కొంతవరకే సరిపోతుంది. అక్షాంశ రేఖాంశాలను దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెల వరకు రాస్తే సుమారు 11 మీటర్ల, ఐదంకెల వరకు రాస్తే సుమారు 1 మీటరు సూక్ష్మత ఉంటుంది, మూడంకెలకే ఆపితే 100 మీటర్లు దాటిపోతుంది. అయితే సంఖ్య ఎంత పొడవున్నా, మొబైల్ ఫోను ఆకాశం స్పష్టంగా కనిపించే చోటే ఐదు మీటర్ల దరిదాపుల్లో చెప్పగలదు, గదిలో కూర్చుని పంపితే ఇంకా తేడా వస్తుంది. పైగా అది అంతస్తును చెప్పదు. ఆరంతస్తుల భవనంలో ఒకదాని మీద ఒకటిగా ఉన్న ఆరు తలుపులకూ మ్యాపులో ఒకటే చుక్క. కాబట్టి లొకేషన్ అడిగేటప్పుడు "ఇప్పుడు మీరు డెలివరీ కావలసిన చోటే ఉన్నారా?" అని తప్పక అడగండి, ఎందుకంటే ఆఫీసులో కూర్చుని ప్రస్తుత లొకేషన్ పంపేవారు తక్కువేమీ కాదు. వచ్చిన చుక్క లేబుల్ మీది పిన్‌కోడ్ పరిధిలో పడుతోందో లేదో చూసుకోండి.

చిరునామా చూసి మ్యాపు తనంతట తాను పెట్టిన చుక్కను మాత్రం అసలు నమ్మకండి. ఇంటి నంబరు లేనప్పుడు మ్యాపు వీధి మధ్యలోనో, కాలనీ నడిబొడ్డునో ఒక చుక్క పెట్టి ఊరుకుంటుంది. అది చూడటానికి నిజమైన ఇంటి చుక్కలాగే ఉంటుంది, డెలివరీ వ్యక్తి అక్కడికే వెళ్లి ఎవరో ఒకరి గేటు ముందు నిలబడతాడు.

ఒక టికెట్‌ను చివరిదాకా చూద్దాం. పేర్లు మార్చాను. లేబుల్ మీద గ్రహీత పేరు తర్వాత "శాంతి రెసిడెన్సీ, 3వ అడ్డవీధి, పార్కు కాలనీ -" అని, కింద పిన్‌కోడ్ ఉంది. ఉదయం 11:40కి "చిరునామా అసంపూర్ణం, ఫోను కలవదు" అని రిమార్కు పడింది. హబ్‌ను అడిగితే పార్సిల్ ఇంకా బండిలోనే ఉంది, ఇది మొదటి ప్రయత్నమే, మరునాటి సాయంత్రం వరకు ఆపగలమన్నారు. తెర మీద మొదట కంటికి తగిలింది చివరి అడ్డగీత. దాని తర్వాత ఏదో ఉండి ఉండాలి.

డెలివరీ వ్యక్తి చెప్పింది ఇది: శాంతి రెసిడెన్సీ దొరికింది, లోపల ఒకదాని వెనక ఒకటి రెండు భవనాలు ఉన్నాయి, రెంటికీ గేటు ఒకటే, పేర్ల పలక లేదు, కాపలాదారుకు ఆ పేరు తెలియదు. అంటే ల్యాండ్‌మార్కు మాట ఇక అనవసరం, లోపించింది బ్లాకూ తలుపూ. ఫోను సంగతి అడిగితే "ఒకసారి మోగి కట్ అవుతోంది" అన్నాడు. డెస్కు లైను నుంచి చేస్తే చివరిదాకా మోగింది, ఎవరూ ఎత్తలేదు. నంబరు పనిచేస్తోందని అర్థమైంది. ఇంకోసారి చేయడం కన్నా వేరే దారిలో వెళ్లడం మేలనిపించింది.

పంపిన దుకాణాన్ని మూడు వరుసలూ అడిగితే మూడో వరుసలో "బి బ్లాక్, 2వ అంతస్తు" అని ఉంది. వారి లేబుల్ నమూనా రెండు వరుసలే అచ్చువేస్తోంది. ఇక్కడితో పని అయిపోయిందని బండిని పంపేయాలనిపిస్తుంది, కానీ అంతస్తుకు రెండు తలుపులు ఉన్నాయని డెలివరీ వ్యక్తి చెప్పాడు. తెలియని తలుపు కొడితే, ఎవరో ఒకరు "మాదే" అని తీసుకునే అవకాశం ఉంది. కాబట్టి దుకాణం ద్వారానే ఆర్డరు పేజీలో రెండే రెండు ప్రశ్నలు పెట్టించాం: "రెండో అంతస్తులో మీ తలుపు ఏది? ఏ సమయంలో మీరు తలుపు తీయగలరు?"

మధ్యాహ్నం మూడు దాటాక కస్టమర్ తానే ఫోను చేశారు. రాత్రి పని కావడంతో పగలు ఫోను నిశ్శబ్దంలో పెట్టి నిద్రపోతారట. పేరు, దుకాణం, భవనం ఆవిడే చెప్పారు, బి బ్లాక్ అంటే వెనక భవనమని కూడా అన్నారు. తలుపు ఎటన్నదానికి "ఎడమవైపు" అన్నారు. "లిఫ్టులోంచి బయటికి వస్తే ఎడమా, మెట్లెక్కి వస్తే ఎడమా?" అని అడిగాక ఆవిడ ఒక్క క్షణం ఆగి, "లిఫ్టులోంచి వస్తే ఎడమ, మెట్ల మీదుగా వస్తే కుడి అవుతుందండీ, రెండూ ఎదురెదురుగా ఉంటాయి" అన్నారు. ఆ ప్రశ్న అడగకపోతే, పార్సిల్ పక్కింటి తలుపుకు వెళ్లేది. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు మెలకువగా ఉంటానన్నారు. ఆ సమయంలో డెలివరీ లైను నుంచి వచ్చే కాల్ కొత్త నంబరుగా కనిపిస్తుందని, ఆ పూటకు తెలియని కాల్స్‌ను ఆపవద్దని చెప్పాం.

బండికి పంపిన సూచన ఇలా ఉంది: "గేటు లోపల వెనక భవనం, బి బ్లాక్. 2వ అంతస్తు. లిఫ్టు దిగితే ఎడమ తలుపు, మెట్లెక్కితే కుడి తలుపు. సాయంత్రం 6:00-7:30 మధ్య. కస్టమర్‌తో మాట్లాడి ధ్రువీకరించాం." ఇందులో "కస్టమర్ పూర్తి చిరునామా ఇచ్చారు" వంటి వాక్యం లేదని గమనించండి. అలాంటి రిమార్కు మీ టికెట్‌ను మూసేస్తుంది గానీ, మెట్ల దగ్గర నిలబడ్డ మనిషికి ఉపయోగపడదు. డెలివరీ అయ్యాక, లేబుల్‌లో మూడో వరుస పడటం లేదన్న సంగతిని దుకాణానికి విడిగా రాశాం, లేకపోతే వారి తర్వాతి కస్టమర్ టికెట్ కూడా మీ దగ్గరికే వస్తుంది.

ఇక అతి జాగ్రత్తగా ఉండవలసిన చోటు ఒకటుంది. చిరునామాను పూర్తిచేయడం వేరు, మార్చడం వేరు. లేబుల్ మీద ఉన్నదంతా అలాగే ఉండి, బ్లాకూ అంతస్తూ గుర్తూ చేరితే అది పూర్తిచేయడం, దాన్ని మీ స్థాయిలో చేసుకోవచ్చు. వీధి మారినా, భవనం మారినా, పిన్‌కోడ్ మారినా అది దారి మళ్లింపు. "ఆ ఇల్లు ఇప్పుడు ఖాళీ చేశానండీ, ఈ కొత్త చోటుకు పంపండి" అని ఎంత నమ్మకంగా చెప్పినా, పంపినవారి అనుమతి లేకుండా చేయకూడదు. ఫోను కలవని పార్సిల్ మోసగాడికి అనుకూలమైనది, ఎందుకంటే అసలు గ్రహీత అభ్యంతరం చెప్పడానికి లైనులో ఉండడు. ఫోను చేసినవారు తొందరపెడుతూ, లేబుల్‌లో ఉన్న పాత చిరునామాను మాత్రం చెప్పలేకపోతుంటే, లేదా మీరే చదవాలని పట్టుబడుతుంటే, అక్కడే ఆగి "పంపినవారి ద్వారా రండి" అనండి. డెలివరీ ఓటీపీని ఎట్టి పరిస్థితుల్లోనూ మీరు అడగకండి. అది పార్సిల్ చేతికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర చెప్పవలసిన అంకె. సపోర్టువారికి చెప్పడం కస్టమర్‌కు అలవాటైతే రేపు మీ పేరు చెప్పి ఇంకొకరు అడుగుతారు.

వెనక్కి ఎప్పుడు పంపాలన్న మీ చివరి ప్రశ్నకు నా లెక్క ఇది. పంపినవారి దగ్గర అసలు చిరునామా కూడా అంతే ఉందని తేలి, వారు తమ దారిలో కస్టమర్‌ను చేరలేకపోయి, ఫోను వేర్వేరు వేళల్లో, కనీసం ఒకసారి సాయంత్రం, వేరే లైను నుంచి చేసినా ఫలితం లేకపోతే, హోల్డ్ గడువు ముగిసేలోపు పంపినవారిని "ఇంకా ఆపమంటారా, వెనక్కి పంపమంటారా?" అని రాతపూర్వకంగా అడిగి, వారి జవాబును బట్టి చేయండి. జవాబు రాకపోతే ఒప్పందంలో ఉన్న నియమం ప్రకారం రిటర్న్. ఆహారపదార్థాలూ మందులూ అయితే గడువు చివరిదాకా ఎదురుచూడకుండా మొదటి రోజే ఈ ప్రశ్న అడగాలి. భవనం దొరికింది కదా అని కాపలాదారు దగ్గర వదిలేయడం మాత్రం వద్దు. గ్రహీత గానీ, నియమాలు ఒప్పుకున్న మేరకు పంపినవారు గానీ అలా వదలమని చెబితే తప్ప, అది డెలివరీ కింద లెక్కకు రాదు. రేపు అందలేదని ఫిర్యాదు వస్తే చూపించడానికి మీ దగ్గర ఎవరి సంతకమూ ఉండదు.

రిటర్న్ రిమార్కులో "కస్టమర్ స్పందించలేదు" అని ముగించకండి. ఏ భవనం దాకా వెళ్లారో, ఏది దొరకలేదో, ఏయే సమయాల్లో ఏ లైను నుంచి ఫోను చేస్తే ఏం వినిపించిందో, పంపినవారిని ఎప్పుడు అడిగారో రాయండి. పార్సిల్ మళ్లీ బుక్ అయినప్పుడు ఆ టికెట్ తెరిచేవారు, మీరు అడిగిన ప్రశ్నలను మొదటి నుంచి అడగనక్కరలేకుండా, "బ్లాకు ఏది?" అన్న చోటు నుంచే మొదలుపెట్టగలుగుతారు.